బుర్రలో డబ్‌డబ్: చిన్నపిల్లల తలనొప్పిని ఎలా గుర్తించాలి?

పెద్దవాళ్లకు తలనొప్పి వస్తే చెప్పుకోవడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. పోటు అంటారు, సలుపు అంటారు, తల పట్టేసినట్టుంది అంటారు, ఒక పక్కే లాగుతోంది అంటారు. వీటిలో ప్రతి మాటా డాక్టరుకు ఒక ఆధారమే. నాలుగైదేళ్ల పిల్లల దగ్గర ఈ మాటలు ఇంకా ఉండవు. వాళ్లకు తెలిసిన నొప్పి కంటికి కనిపించేది: మోకాలు గీరుకుంది, రక్తం వచ్చింది, అమ్మ మందు రాసింది. దెబ్బ లేకుండా, గాయం లేకుండా లోపల ఎక్కడో పుట్టే నొప్పిని ఏమనాలో తెలియక కొందరు పిల్లలు కడుపు చూపిస్తారు. కొందరు ఏమీ అనకుండా వెళ్లి పడుకుంటారు. ఇంకొందరు కారణం లేకుండా చిరాకు పడి బొమ్మలు విసిరేస్తారు.

ఢిల్లీ పక్కనున్న ఘాజియాబాద్‌లో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. పాపకు ఐదేళ్లు, బరువు 16 కిలోలు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. ఏప్రిల్‌లో ఒకరోజు టీచరు ‘సర్ మే దర్ద్ హై?’ అని అడిగితే తల ఊపింది. ‘పేట్ మే?’ అని అడిగినా ఊపింది. ఇంటికొచ్చాక అమ్మ ‘ఎక్కడ నొప్పి నాన్నా?’ అంటే నుదుటి మీద చెయ్యి పెట్టి, ‘బుర్రలో డబ్‌డబ్ అంటోంది’ అంది. కర్టెన్ వేయమని అడిగి, చల్లగా ఉందని నేల మీదే పడుకుంది. ఒకసారి వాంతి చేసుకుని, రెండు గంటలు నిద్రపోయింది. లేచాక అన్నం తిని ఆడుకోవడానికి పరుగెత్తింది.

ఆ సాయంత్రం పరుగు చూస్తే పొద్దున బడి ఎగ్గొట్టడానికి నటించిందేమోనన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. నిజానికి ఆ క్రమమే పిల్లల్లో మైగ్రేన్‌కు, అంటే పార్శ్వపు నొప్పికి, బలమైన గుర్తు. పేరు పార్శ్వపు నొప్పే అయినా పిల్లల్లో అది తరచుగా ఒక పక్కకు పరిమితం కాదు. నుదురంతా, రెండు కణతలూ నొస్తాయి. పెద్దవాళ్లలో లాగా రోజంతా సాగకుండా రెండు మూడు గంటల్లోనే తగ్గిపోవచ్చు. నిద్రపోతే చాలాసార్లు పూర్తిగా పోతుంది. వెలుతురు, చప్పుడు భరించలేకపోవడాన్ని పిల్లలు నోటితో చెప్పకపోయినా, వాళ్ల నడతను బట్టి గ్రహించవచ్చని తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణే ఒప్పుకుంటుంది. ‘కర్టెన్ వెయ్యి’ అనే మాట వైద్యపరంగా ఒక లక్షణం కిందే లెక్క. ఇక కడుపు చూపించడం కూడా తప్పు సమాధానం కాకపోవచ్చు. కొందరు చిన్నపిల్లల్లో మైగ్రేన్ మొదట కడుపునొప్పిగా, విడతలు విడతలుగా వచ్చే వాంతులుగా బయటపడి, పెద్దయ్యాక తలకెక్కుతుంది.

నొప్పి ఎంత ఉందో పదికి ఎన్ని మార్కులని అడిగితే ఈ వయసు పిల్లలు చెప్పలేరు. అందుకే ఆస్పత్రుల్లో ముఖాల పట్టీ వాడతారు. 2001లో సవరించి ప్రచురించిన పట్టీలో ఆరు ముఖాలుంటాయి. మామూలు ముఖంతో మొదలై, నొప్పితో బాగా ముడుచుకున్న ముఖంతో ముగుస్తుంది. మొదటి ముఖంలో నవ్వు, చివరి ముఖంలో కన్నీళ్లు కావాలనే పెట్టలేదు. పెడితే పిల్లలు నొప్పిని వదిలేసి, తమకు సంతోషంగా ఉందా ఏడుపొస్తోందా అన్నదానికి జవాబు చెబుతారు. ఈ పట్టీ నాలుగేళ్లు దాటిన పిల్లలకు పనికొస్తుంది. అంతకంటే చిన్నవాళ్లు తరచుగా మొదటిదో చివరిదో చూపించి ఊరుకుంటారు.

ఇంట్లో ఇంతకంటే సులువైన సాధనం కాగితం, రంగు పెన్సిళ్లు. అమెరికాలో పిల్లల నరాల వైద్యుడు కార్ల్ స్టాఫ్‌స్ట్రామ్, ఆయన సహచరులు తలనొప్పితో వచ్చిన 226 మంది పిల్లలను, ఇంకే ప్రశ్నలూ అడగకముందే, ‘నీకు తలనొప్పి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో బొమ్మ వెయ్యి’ అన్నారు. తల మీద సుత్తి దెబ్బలు, వాంతి, మంచం మీద పడుకున్న మనిషి, ఆర్పేసిన దీపం వంటివి వేసిన పిల్లల్లో ఎక్కువమందికి తర్వాత విడిగా చేసిన పరీక్షలో మైగ్రేన్ అనే తేలింది. డాక్టరు మైగ్రేన్‌గా నిర్ధారించిన పిల్లల్లో దాదాపు 93 శాతం మందిని బొమ్మలే పట్టిచ్చాయి. 2002లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. బొమ్మ ఒక్కటే రోగనిర్ధారణ కాదు కానీ, మాటలు చాలనిచోట అదొక మంచి సాక్ష్యం. వేయించేటప్పుడు ‘సుత్తితో కొట్టినట్టుందా?’ అని ముందే అందించకూడదు. పిల్లలు పెద్దవాళ్ల మాట కాదనరు, సుత్తి వేసి ఇస్తారు.

మన ఉదాహరణలోని తల్లి ఐదు వారాల పాటు ఒక నోటుపుస్తకంలో రాసింది. నొప్పి ఎప్పుడు మొదలైంది, అంతకుముందు పాప ఏం తింది, రాత్రి ఎంతసేపు నిద్రపోయింది, నొప్పి వచ్చినప్పుడు ఏం చేసింది, ఎప్పుడు తగ్గింది. మొత్తం ఆరుసార్లు వచ్చింది. ఐదు మధ్యాహ్నం, బడి వ్యాన్ దిగాక. వాటిలో నాలుగు రోజులు టిఫిన్ డబ్బా ముట్టకుండా తిరిగొచ్చింది, నీళ్ల సీసా సగం నిండుగానే ఉంది. ఆరోది పెళ్లికి వెళ్లి అర్ధరాత్రి దాటాక పడుకున్న మర్నాడు. నొప్పి లేని రోజుల్లో ఆట, తిండి, నిద్ర ఎప్పటిలాగే ఉన్నాయి. తల్లికీ పన్నెండో ఏట నుంచి ఇలాంటి తలనొప్పే.

పిల్లల డాక్టరు ఆ పుస్తకం చదివాకే పాపను చూశాడు. బీపీ, ఎత్తు, బరువు, తల చుట్టుకొలత కొలిచాడు. చెవులు, పళ్లు చూశాడు. గీత మీద మడమకు వేలు ఆనించి నడవమన్నాడు. కంటి వెనక పొరను పరికరంతో పరిశీలించాడు. తలలో ఒత్తిడి పెరిగితే అక్కడ కంటి నరం మొదలు ఉబ్బుతుంది. అన్నీ మామూలుగానే ఉన్నాయి. స్కాన్ రాయలేదు. పరీక్ష మామూలుగా ఉండి, తలనొప్పి తీరు ఇలా స్పష్టంగా ఉంటే స్కాన్‌తో కొత్తగా తెలిసేది దాదాపు ఉండదు. పైగా సీటీ అంటే రేడియేషన్, ఎంఆర్ఐ అంటే ఈ వయసులో తరచుగా మత్తు ఇవ్వాల్సి రావడం. కళ్లజోడు పెడితే పోతుందన్న ఆశ చాలా ఇళ్లలో ఉంటుంది. చూపు పరీక్ష చేయించడం మంచిదే కానీ, వాంతితో విడతలుగా వచ్చే నొప్పికి చూపు కారణం కావడం అరుదు.

మందు విషయంలో పొరపాటు జరిగేది చెంచా దగ్గర. పారాసెటమాల్ మోతాదు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, అంటే ఈ పాపకు 240. మన దుకాణాల్లో సిరప్ రెండు బలాల్లో దొరుకుతుంది: 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఒకటి, 250 మరొకటి. మొదటిదైతే 10 మిల్లీలీటర్లు పోయాలి, రెండోదైతే 5 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ. సీసా మారినా అలవాటు కొద్దీ అదే కొలత పోస్తే మందు సగమే పడుతుంది, లేదా రెట్టింపు పడుతుంది. నొప్పి మొదలైన వెంటనే ఇస్తేనే పనిచేస్తుంది. వాంతులయ్యాక ఇస్తే కడుపులో నిలవదు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. వారంలో రెండు మూడు రోజులకు మించి మాత్ర అవసరమవుతుంటే మందే తలనొప్పిని సాగదీసే ప్రమాదం ఉంది, అప్పుడు మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఈ పాపకు అసలు మార్పు తెచ్చినవి ఇంటర్వెల్‌లో తినేలా టీచరుతో మాట్లాడటం, నీళ్లు, వేళకు నిద్ర.

ఇప్పుడు అదే నోటుపుస్తకంలో వేరే సంగతులు ఉన్నాయనుకుందాం. నొప్పి పాపను తెల్లవారుజామున నిద్రలేపుతోంది. లేవగానే వాంతి అవుతోంది, కాసేపు తిరిగాక తేలికపడుతోంది. పడుకున్నా, దగ్గినా ఎక్కువవుతోంది. వారం వారానికీ పెరుగుతోంది. ఇది మైగ్రేన్ తీరు కాదు. రాత్రంతా అడ్డంగా పడుకోవడం వల్ల, నిద్రలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొంచెం పెరగడం వల్ల తలలో ఒత్తిడి తెల్లవారేసరికి గరిష్ఠానికి చేరుతుంది. లోపల గడ్డ గానీ, నీరు చేరడం గానీ ఉంటే ఆ వేళలోనే బయటపడుతుంది. కొత్తగా మెల్లకన్ను, తల ఒక పక్కకు వంచి ఉంచడం, తూలుతూ నడవడం, చెయ్యి వణకడం, వచ్చిన మాటలు, పనులు మరిచిపోవడం తోడైతే అదే రోజు చూపించాలి. తల వెనక భాగంలోనే పదేపదే నొప్పి, నాలుగేళ్లలోపు పిల్లల్లో ఎలాంటి మాటిమాటికి వచ్చే తలనొప్పి అయినా డాక్టరు చూడాల్సినవే. బ్రిటన్‌లో 2011లో మొదలైన ‘హెడ్‌స్మార్ట్’ ప్రచారం ఇలాంటి గుర్తులనే తల్లిదండ్రులకు, వైద్యులకు నేర్పింది. లక్షణాలు మొదలయ్యాక మెదడు కణితిని కనుక్కోవడానికి పట్టే కాలం అక్కడ 14 వారాలకు పైగా ఉండేది, రెండు మూడేళ్లలో 7 వారాల లోపుకు తగ్గింది.

మన దేశంలో ఈ జాబితాకు ఇంకొకటి చేర్చాలి. సన్నటి జ్వరం, తిండి మానేయడం, చిరాకు, మగత వారం పది రోజులుగా సాగుతూ తలనొప్పి, వాంతులు ఉంటే అది క్షయ వల్ల వచ్చే మెదడు పొరల వాపు కావచ్చు. ఇంట్లో ఎవరికైనా దగ్గు, టీబీ ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి, అడగకపోయినా సరే. మెడ బిగుసుకున్నా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే సరిగ్గా పలకకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, నేరుగా అత్యవసర విభాగానికే తీసుకెళ్లాలి.

ఘాజియాబాద్ చలికాలంలో జాగ్రత్తపడాల్సిన తలనొప్పి ఇంకొకటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కిటికీలు మూసిన గదిలో బొగ్గుల అంగీఠీ వెలిగించుకుంటారు. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజర్ వాడతారు. రెండూ కార్బన్ మోనాక్సైడ్‌ను వదలగలవు. దానికి వాసన ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పాపకు తలనొప్పి, వాంతి, మత్తు మొదలైన రాత్రే అమ్మకో తాతకో కూడా తల తిరిగిందంటే, ఆరుబయటకు వస్తే తేలికపడుతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇక్కడ వేలికి పెట్టే ఆక్సీమీటర్ను నమ్మకూడదు. మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అది ఆక్సిజన్ పట్టిన రక్తంగానే లెక్కగట్టి 98 అని చూపించగలదు. అందరినీ వెంటనే బయటకు తెచ్చి ఆస్పత్రికి వెళ్లాలి. గదిలో అంగీఠీ వెలిగించిన సంగతి అక్కడ మొదటి మాటగా చెప్పాలి, ఎందుకంటే అది చెబితేనే సరైన రక్తపరీక్ష రాస్తారు.