మీకు తెలుసా? ఒక్క టైరు, రెండు కొలమానాలు

బైకు టైరు మీద ఉండే ఒకే కోడ్‌లో మిల్లీమీటర్లూ అంగుళాలూ కలిసే ఉంటాయి!

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొత్త మోడల్ వెనక టైరు మీద 120/80-18 అని ఉంటుంది. 120 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అనేది కొలత కాదు, శాతం: టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 96 మిల్లీమీటర్లు. చివరి 18 మాత్రం రిమ్ము వ్యాసం, అంగుళాల్లో.

పాత బైకుల్లో కనిపించే 2.75-18లో రెండూ అంగుళాలే. శాతం రాయరు, ఎత్తు దాదాపు వెడల్పంతే అని లెక్క. ఈ సైజుకు బదులుగా ఇప్పుడు ఎక్కువగా వాడేది 80/100-18.

క్లాసిక్ ముందు టైరు 100/90-19. సన్నగా ఉంటే హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. పెద్ద చక్రం గుంతల మీదుగా సులువుగా దొర్లుతుంది. ఇంజను లాగుడు, వెనక కూర్చున్నవారి బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడతాయి కాబట్టి అక్కడ టైరు వెడల్పు.

లెక్క వేస్తే సన్నని ముందు టైరే మొత్తం ఎత్తులో సుమారు 13 మిల్లీమీటర్లు పెద్దది.

టైరు మార్చేటప్పుడు బైకు మాన్యువల్‌లోని సైజునే అడగండి.