సర్వర్ గుర్తింపు మారిందన్న హెచ్చరిక: దాని అర్థమేమిటి, ఎప్పుడు కంగారు పడాలి

ఎస్‌ఎస్‌హెచ్ అనేది ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి మన కంప్యూటర్ నుంచి భద్రంగా ప్రవేశించే పద్ధతి. వెబ్‌సైట్లు నడిపేవారు, ప్రోగ్రామర్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు దీన్ని రోజూ వాడతారు. నిన్నటిదాకా మామూలుగా తెరుచుకున్న సర్వర్ ఒకరోజు తెరుచుకోదు. బదులుగా తెర మీద ఈ అక్షరాలు వస్తాయి:

```
@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@
@    WARNING: REMOTE HOST IDENTIFICATION HAS CHANGED!     @
@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@@
IT IS POSSIBLE THAT SOMEONE IS DOING SOMETHING NASTY!
```

దాని కింద, ఎవరో మధ్యలో చేరి మీ మాటలు వింటూ ఉండవచ్చని ఒక వాక్యం ఉంటుంది. సర్వర్ కీ ఇప్పుడే మారి ఉండటానికి కూడా అవకాశముందని ఇంకో వాక్యం ఉంటుంది. చివర్లో `Host key verification failed.` అని చెప్పి ప్రోగ్రాం ఆగిపోతుంది. మొదటి వాక్యం చదివి హడలిపోయేవారు కొందరు, రెండోది చదివి ధీమాగా ముందుకు పోయేవారు కొందరు. నిజానికి ఆ రెండింటిలో ఏది జరిగిందో ప్రోగ్రాంకు తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: దాచుకున్న గుర్తుకూ ఇప్పుడు వచ్చిన గుర్తుకూ పొంతన లేదు.

ఆ గుర్తు పేరు హోస్ట్ కీ. ప్రతి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ దగ్గరా ఒక కీల జత ఉంటుంది. అందులో రహస్య కీ సర్వర్ దాటి బయటికి రాదు. బహిరంగ కీని మాత్రం సర్వర్ కలిసిన ప్రతివారికీ ఇస్తుంది. తన దగ్గర రహస్య కీ నిజంగా ఉందని ప్రతిసారీ ఒక డిజిటల్ సంతకంతో రుజువు చేసుకుంటుంది. మొదటిసారి ఒక సర్వర్‌కు వెళ్లినప్పుడు ఆ బహిరంగ కీ మన కంప్యూటర్‌లో `~/.ssh/known_hosts` అనే ఫైలులో నమోదవుతుంది. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ, బ్యాంకులో చెక్కు మీది సంతకాన్ని ఖాతా తెరిచిన నాటి సంతకంతో పోల్చినట్టు, వచ్చిన కీని ఈ ఫైలులో ఉన్నదానితో పోలుస్తారు. సరిపోతే ఏ సందేశమూ రాదు. సరిపోకపోతే పై హెచ్చరిక వస్తుంది.

ఇంత గట్టిగా హెచ్చరించడానికి కారణం ఎస్‌ఎస్‌హెచ్ పుట్టుకలోనే ఉంది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో చేరి పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అక్కడే పనిచేస్తున్న తాతు యులోనెన్ అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్‌ను రాశారు. దారిలో వెళ్లే సమాచారాన్ని గుప్తలిపిలోకి మార్చినంత మాత్రాన పని పూర్తికాదు. ఆ గుప్తలిపి అసలు సర్వర్‌తో కాకుండా మధ్యలో కూర్చున్న మోసగాడితో కుదిరితే, పాస్‌వర్డ్ నేరుగా వాడి చేతికే చేరుతుంది. అవతల ఉన్నది ఎవరో తేల్చేది హోస్ట్ కీ ఒక్కటే.

ఈ హెచ్చరిక ఒకేసారి ఎందరో ప్రోగ్రామర్ల తెరల మీద కనిపించిన రోజు ఒకటుంది: 2023 మార్చి 24, శుక్రవారం. ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకునే గిట్‌హబ్ సంస్థ భారత కాలమానం ప్రకారం ఉదయం సుమారు పదిన్నరకు తన ఆర్‌ఎస్‌ఏ హోస్ట్ కీని మార్చేసింది. మన దగ్గర అది సరిగ్గా ఆఫీసు పనులు మొదలయ్యే వేళ. దానికి కారణాన్ని సంస్థే ప్రకటించింది. ఆ కీ రహస్య భాగం గిట్‌హబ్‌లోనే ఉన్న ఒక బహిరంగ కోడ్ భాండారంలో కొద్దిసేపు అందరికీ కనిపించేలా ఉండిపోయింది. దాన్ని ఎవరైనా దుర్వినియోగం చేసినట్టు ఆధారం లేదని, ముందుజాగ్రత్తగానే మారుస్తున్నామని సంస్థ చెప్పింది. ఈసీడీఎస్‌ఏ, ఈడీ25519 రకాల కీలు మారలేదు. వాటిని వాడేవారికి ఏ తేడా కనిపించలేదు. బ్రౌజర్‌లో గిట్‌హబ్‌ను చూసేవారికీ ఇబ్బంది లేదు. పాత ఆర్‌ఎస్‌ఏ కీని నమోదు చేసుకున్నవారికి మాత్రం దారి మూసుకుపోయింది.

ఆ ఉదయం వచ్చిన హెచ్చరిక కీలో మార్పును సరిగ్గానే పట్టుకుంది, దాని వెనక దాడి మాత్రం లేదు. అంతకన్నా గమనించవలసింది దీనికి తిరకాసు. పాత కీని మార్చకుండా వదిలేసి ఉంటే, దాన్ని దొరకబుచ్చుకున్నవాడెవడైనా నెట్‌వర్క్ దారిలో చేరి తానే గిట్‌హబ్ అని నమ్మించగలిగేవాడు. అప్పుడు ఏ హెచ్చరికా వచ్చేది కాదు, ఎందుకంటే కీ సరిగ్గా సరిపోయేది. హెచ్చరిక వచ్చిందంటే ప్రమాదమనీ, రాలేదంటే క్షేమమనీ అనుకోవడానికి వీల్లేదు. దాని పరిధి పోలిక వరకే.

మార్పు నిజమో కాదో ఆ రోజు తెలుసుకునే మార్గం, హెచ్చరిక వచ్చిన దారిలో కాక మరో దారిలో ఉంది. గిట్‌హబ్ తన వెబ్‌సైట్‌లో కొత్త కీ ఫింగర్‌ప్రింట్‌ను ప్రచురించింది. ఫింగర్‌ప్రింట్ అంటే పొడవైన కీకి బదులుగా వాడే చిన్న అక్షరాల వరుస. అది `SHA256:` అని మొదలవుతుంది. తెర మీద వచ్చిన ఫింగర్‌ప్రింట్‌ను వెబ్‌సైట్‌లోని దానితో పోల్చి, సరిపోయాక పాత నమోదును తొలగించినవారు సరైన పని చేశారు. పోల్చకుండానే తొలగించినవారికి కూడా ఆ రోజు ఏ నష్టమూ జరగకపోయి ఉండవచ్చు. కానీ గిట్‌హబ్ కీ మారిందన్న కబురు లోకమంతా పాకిన అలాంటి రోజే మోసగాడికి మంచి అదను. అందరూ హెచ్చరికను ఊహించి, చూడకుండానే దాటేయడానికి సిద్ధంగా ఉంటారు.

రోజువారీ పనిలో ఈ హెచ్చరికకు కారణం చాలావరకు మామూలుదే. సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ కొత్తగా వేస్తే హోస్ట్ కీలు కూడా కొత్తవి తయారవుతాయి. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌లో మెమరీ కార్డును చెరిపి మళ్లీ రాసినా ఇదే జరుగుతుంది. క్లౌడ్‌లో ఒక సర్వర్‌ను తీసేసి ఇంకొకటి పెట్టినప్పుడు పాత ఐపీ చిరునామా కొత్తదానికి రావచ్చు. ఇంట్లో రూటర్ కూడా నిన్న ఒక యంత్రానికి ఇచ్చిన చిరునామాను ఇవాళ మరోదానికి ఇస్తుంది. వీటన్నిటిలోనూ ఒక పోలిక ఉంది: ఎవరో ఒకరు ఫలానా మార్పు చేశామని చెప్పగలరు.

అలా చెప్పగలిగేవారు ఎవరూ లేనప్పుడు అనుమానించాలి. సర్వర్‌ను ఎవరూ ముట్టుకోలేదు, అయినా కీ మారింది. లేదా హోటల్, విమానాశ్రయం వైఫైలో మాత్రమే హెచ్చరిక వస్తోంది, ఫోన్ హాట్‌స్పాట్‌కు మారగానే మాయమవుతోంది. అంటే ఆ వైఫై దారిలో ఎవరో మధ్యలో ఉన్నారు, లేదా ఆ నెట్‌వర్క్ సంబంధం లేని మరో యంత్రానికి తీసుకుపోతోంది. ఏదైనా సరే అక్కడ పాస్‌వర్డ్ కొట్టకూడదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు సర్వర్లకు ఒకేసారి హెచ్చరిక రావడం మరింత చెడ్డ సూచన. అన్నిటికీ కొత్త ఫింగర్‌ప్రింట్ ఒకటే కనిపిస్తే, వాటన్నిటి స్థానంలో ఒకే యంత్రం జవాబిస్తోందన్నమాట. హాట్‌స్పాట్ పరీక్షకూ ఒక హద్దుంది. రెండు దారుల్లోనూ అదే కొత్త కీ వస్తే మన వైఫై మీద అనుమానం తగ్గుతుంది కానీ, సర్వర్ వైపు ఏమీ జరగలేదని రుజువు కాదు.

ఒక సందర్భాన్ని మొదటినుంచి చివరిదాకా చూస్తే పద్ధతి స్పష్టమవుతుంది. 203.0.113.25 అనే చిరునామాలో ఒక అద్దె సర్వర్ ఉంది. రాత్రి దాన్ని మళ్లీ కొత్తగా ఇన్‌స్టాల్ చేశారని సహోద్యోగి చెప్పారు. పొద్దున హెచ్చరిక వచ్చింది. అందులో సర్వర్ పంపిన కీ ఈడీ25519 రకమని, దాని ఫింగర్‌ప్రింట్ ఫలానా అని, పాత నమోదు `known_hosts` ఫైలులో 12వ వరుసలో ఉందని కూడా రాసి ఉంది. ఇప్పుడు చేయవలసిన మొదటి పని, సర్వర్ అద్దెకిచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లోకి లాగిన్ అయి అక్కడి కన్సోల్‌ను తెరవడం. అది ఎస్‌ఎస్‌హెచ్‌తో సంబంధం లేకుండా సర్వర్ తెరను నేరుగా చూపిస్తుంది. అక్కడ ఈ ఆదేశం ఇవ్వాలి:

```
ssh-keygen -lf /etc/ssh/ssh_host_ed25519_key.pub
```

అది చూపే ఫింగర్‌ప్రింట్, హెచ్చరికలోని ఫింగర్‌ప్రింట్ అక్షరం అక్షరం ఒకటే కావాలి. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి సరిపెట్టుకోకూడదు. పోల్చేవి ఒకే రకం కీలై ఉండాలి. ఆర్‌ఎస్‌ఏ కీని ఈడీ25519తో పోల్చి తేడా ఉందని బెదిరిపోయేవారూ ఉన్నారు. రెండూ సరిపోతే మన కంప్యూటర్‌లో పాత నమోదును తీసేయవచ్చు:

```
ssh-keygen -R 203.0.113.25
```

ఇది ఆ ఒక్క సర్వర్ నమోదునే తీసేస్తుంది. పాత ఫైలు నకలును `known_hosts.old` పేరుతో ఉంచుతుంది. మళ్లీ కనెక్ట్ అయితే, కొత్త సర్వర్‌ను నమ్మాలా అని ప్రోగ్రాం అడుగుతుంది. ఇప్పటి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో `yes` అని కొట్టే బదులు కన్సోల్ నుంచి తెచ్చిన ఫింగర్‌ప్రింట్‌నే అక్కడ అతికించవచ్చు. అది సరిపోతేనే ప్రోగ్రాం ముందుకు వెళ్తుంది. కంటికన్నా ఈ పోలిక నమ్మదగినది. `ssh-keyscan` అనే ఆదేశంతో కీని తెచ్చుకోమని కొందరు సలహా ఇస్తారు. అది కీని తెచ్చేది కూడా అదే అనుమానపు దారిలోనే కాబట్టి, దానితో పోల్చడం వల్ల ఏమీ తేలదు.

ఇక హెచ్చరిక బాధ లేకుండా `StrictHostKeyChecking no` అని సెట్టింగ్ పెట్టుకోవడం, `known_hosts` ఫైలును మొత్తంగా చెరిపేయడం కచ్చితంగా తప్పు. ఫైలును చెరిపితే ఒక్క సర్వర్ కోసం అన్ని సర్వర్ల గుర్తులూ పోతాయి. సెట్టింగ్ మార్చితే కీ మారినా ప్రోగ్రాం హెచ్చరిక చూపి ముందుకు సాగిపోతుంది. అప్పుడు కూడా ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తనంతట తానుగా పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆపేస్తుంది. పాస్‌వర్డ్ ఎంత సులువుగా పరుల పాలవుతుందో దాన్ని రాసినవారికి తెలుసు.

అనుమానాస్పద కీని అప్పటికే ఒప్పుకుని లోపలికి వెళ్లి ఉంటే, ఏ రకంగా లాగిన్ అయ్యారన్నది ముఖ్యం. పాస్‌వర్డ్ కొట్టి ఉంటే అది పోయినట్టే లెక్క. వేరే నెట్‌వర్క్ నుంచి, సరిచూసుకున్న కీతో వెళ్లి దాన్ని మార్చాలి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడినా అక్కడా మార్చాలి. సర్వర్‌లో `last` ఆదేశంతో తెలియని లాగిన్లు ఏమైనా ఉన్నాయా చూడాలి. సొంత కీతో లాగిన్ అయి ఉంటే నష్టం తక్కువ. రహస్య కీ మన కంప్యూటర్ దాటి వెళ్లదు. దానితో చేసిన సంతకం ఆ ఒక్క కనెక్షన్‌కే చెల్లుతుంది, మోసగాడు దాన్ని అసలు సర్వర్ దగ్గర వాడలేడు. అయితే ఆ కనెక్షన్‌లో పంపిన ఫైళ్లు, కొట్టిన ఆదేశాలు వాడికి కనిపించి ఉంటాయి. `-A` తో ఏజెంట్‌ను కూడా పంపి ఉంటే, కనెక్షన్ ఉన్నంతసేపు ఆ కీతో వాడు వేరే సర్వర్లలోకి వెళ్లగలిగి ఉండేవాడు.

సర్వర్లు నడిపేవారు ఈ హెచ్చరికలను ముందే తగ్గించవచ్చు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసేముందు `/etc/ssh` లోని `ssh_host_` తో మొదలయ్యే ఫైళ్లను భద్రంగా దాచి, తర్వాత అవే అనుమతులతో తిరిగి పెడితే, వాడేవారికి తేడా తెలియదు. కానీ సర్వర్‌లోకి ఎవరో చొరబడ్డారన్న కారణంతోనే దాన్ని తిరిగి కడుతుంటే, పాత కీలను తిరిగి పెట్టకూడదు. అవి చొరబడినవాడి దగ్గర కూడా ఉన్నట్టే భావించి కొత్తవి తయారు చేయాలి. కొత్త ఫింగర్‌ప్రింట్‌ను ఎస్‌ఎస్‌హెచ్‌తో సంబంధం లేని మార్గంలో, హెచ్చరిక రాకముందే, వాడేవారందరికీ తెలియజేయాలి.