బిల్లు మెయిల్ ఎలా ఉంటే డబ్బు సకాలంలో వస్తుంది

పని చేసినవారు డబ్బు కోసం పంపే బిల్లు మెయిల్‌ను చాలాసార్లు పని చేయించుకున్నవారు చదవరు. అది అకౌంట్స్ సెక్షన్‌కి చేరుతుంది. అక్కడి గుమాస్తాకి పని ఎలా జరిగిందో తెలియదు, పంపినవారి ముఖం కూడా తెలియదు. ఆ పూట తెరవాల్సిన పదుల మెయిళ్లలో అదొకటి. బిల్లు పాస్ చేయడానికి అతనికి కావలసినవి కొన్నే: ఏ ఆర్డర్ మీద వచ్చిన బిల్లు, ఎంత, ఎప్పటిలోగా కట్టాలి, ఏ ఖాతాకి వేయాలి. వీటిలో ఒక్కటి వెతుక్కోవాల్సి వచ్చినా మెయిల్ పక్కన పడుతుంది. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు, తర్వాతి మెయిల్ తేలిగ్గా ఉండటమే కారణం.

విజయవాడలో ఏసీలు సర్వీసు చేసే ఒక చిన్న సంస్థను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక్కరి యాజమాన్యంలో నడిచే సంస్థ అది. గుంటూరులోని ఒక ఆసుపత్రితో దానికి ఏడాది ఒప్పందం ఉంది. 24 స్ప్లిట్ ఏసీలకు మూడు నెలలకోసారి సర్వీసు, ఒక్కోదానికి 1,500 రూపాయలు. 2025 ఏప్రిల్-జూన్ సర్వీసు పూర్తయింది. మధ్యలో రెండు ఏసీల్లో గ్యాస్ దిగిపోతే, ఒక్కోదానికి 2,500 చొప్పున మళ్లీ నింపారు. అంటే సర్వీసు 36,000, గ్యాస్ 5,000, మొత్తం 41,000. రెండు ఊళ్లూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి కాబట్టి 18 శాతం జీఎస్టీ రెండు సగాలుగా పడుతుంది: సీజీఎస్టీ 3,690, ఎస్‌జీఎస్టీ 3,690. బిల్లు మొత్తం 48,380 రూపాయలు.

ఇలాంటి బిల్లుకు చాలామంది ‘బిల్లు పంపుతున్నాము’ అని సబ్జెక్ట్ పెడతారు. నెల తర్వాత ఆ మాటతో వెతికితే ఆసుపత్రి మెయిల్‌బాక్సులో వందల మెయిళ్లు తేలతాయి. అదే సబ్జెక్ట్ ఇలా ఉంటే మెయిల్ తెరవకముందే సగం పని అయిపోతుంది:

```
ఇన్వాయిస్ 25-26/0118 | పీఓ 4500012786 | రూ. 48,380 | గడువు 6 ఆగస్టు 2025
```

ఇందులో ఇన్వాయిస్ నంబరు పంపినవారిది, పీఓ నంబరు ఆసుపత్రిది. రెండూ ఉండాలి. పంపినవారు తమ నంబరు మాత్రమే రాసి ఊరుకోవడం తరచూ కనబడే పొరపాటు. పీఓ అంటే పర్చేజ్ ఆర్డర్. గుమాస్తా కంప్యూటర్‌లో మొదట కొట్టేది ఆ నంబరే. అది లేకపోతే బిల్లు ఏ విభాగానిదో, ఎవరు సంతకం పెట్టాలో తేలదు.

ఇన్వాయిస్ నంబరుకు జీఎస్టీ నిబంధనల్లో హద్దులున్నాయి. అది 16 అక్షరాలకు మించకూడదు. అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఏటవాలు గీత మాత్రమే వాడాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండుసార్లు రాకూడదు. ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. నంబరులో ఏటవాలు గీత ఉండొచ్చు గానీ, విండోస్ కంప్యూటర్‌లో ఫైలు పేరులో ఆ గీత పెట్టనివ్వదు. అందుకని పీడీఎఫ్‌కి INV-25-26-0118.pdf అని పేరు పెడతారు. బిల్లు మీది నంబరుతో వెతికితే ఆ పేరు దొరకకపోవచ్చు. సబ్జెక్ట్‌లోనూ మెయిల్ లోపలా అసలు నంబరును బిల్లు మీద ఉన్నట్టే రాయాల్సింది అందుకే. మొదటినుంచీ అడ్డగీతలతోనే నంబర్లు వేసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

మెయిల్ లోపల పలకరింపు ఒక వాక్యం చాలు. తర్వాత లెక్క:

```
అకౌంట్స్ విభాగానికి నమస్కారం.
ఏప్రిల్-జూన్ 2025 ఏసీ సర్వీసు బిల్లు జతచేశాము.

ఇన్వాయిస్:      25-26/0118, తేదీ 5 జూలై 2025
పీఓ:            4500012786
సర్వీసు:        24 ఏసీలు x 1,500 = 36,000
గ్యాస్:         2 ఏసీలు x 2,500 = 5,000
                (అనుమతి: మెయింటెనెన్స్ మెయిల్, 24 జూన్ 2025)
జీఎస్టీ 18%:    7,380
బిల్లు మొత్తం:  రూ. 48,380
గడువు:          6 ఆగస్టు 2025, బుధవారం
```

దీని కింద ఖాతా వివరాలు, జతచేసిన కాగితాల పేర్లు, ఫోన్ నంబరు వస్తాయి. ఇందులో అన్నిటికంటే పనికొచ్చేది బ్రాకెట్లో ఉన్న వాక్యం. పీఓలో ఉన్నది 24 ఏసీల సర్వీసు ఒక్కటే, గ్యాస్ సంగతి లేదు. అకౌంట్స్‌లో పీఓను, పని పూర్తయిందని సంతకమైన సర్వీసు రిపోర్టును, బిల్లును పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. పీఓ ప్రకారం 36,000 రావాల్సిన చోట 41,000 కనబడితే, తేడా 5,000 మాత్రమే అయినా మొత్తం బిల్లు హోల్డ్‌లో పడుతుంది. అదనపు పనికి ఎవరు, ఎప్పుడు ఒప్పుకున్నారో అదే వరుసలో రాసి ఆ మెయిల్‌నూ జతచేస్తే గుమాస్తా ఎవరినీ అడగక్కర్లేదు. అనుమతి నోటిమాటగా వచ్చి ఉంటే, బిల్లు కొట్టకముందే మెయిల్ మీద రాయించుకోవాలి. అదీ కుదరకపోతే గ్యాస్‌కి వేరే బిల్లు వేయడం నయం. చిన్న బిల్లు ఆగినా పెద్ద బిల్లు నడుస్తుంది.

బిల్లు మొత్తం 48,380 అయినా ఖాతాలో పడేది అంత కాదు. ఒక్కరి యాజమాన్యంలోని సంస్థకు కాంట్రాక్టు పని మీద ఒక బిల్లు 30,000 దాటితే ఒక శాతం టీడీఎస్ కోస్తారు. బిల్లులో జీఎస్టీ విడిగా చూపితే, కోత పన్నుకు ముందరి మొత్తం మీదే లెక్కకడతారు. అంటే 41,000 మీద 410 రూపాయలు. బ్యాంకులో పడేది 47,970. ఈ 410 పోయిన డబ్బు కాదు. యజమాని పాన్ మీద ఫారం 26ఏఎస్‌లో కనబడుతుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే మాత్రం కోత 20 శాతానికి పెరుగుతుంది, 410 కాస్తా 8,200 అవుతుంది. మెయిల్‌లో ‘టీడీఎస్ పోను అంచనా: రూ. 47,970’ అని ఒక వరుస చేర్చేవాళ్లు తక్కువ. కానీ ఆ వరుస ఉంటే, తర్వాత డబ్బు తగ్గిందంటూ ఫోన్లు చేసుకునే పని ఉండదు.

గడువు దగ్గర తేదీయే రాయాలి. ‘30 రోజుల్లో’ అంటే ఎప్పటినుంచి 30 రోజులు? పని పూర్తయిన రోజు నుంచా, బిల్లు తేదీ నుంచా, మెయిల్ అందిన రోజు నుంచా? ఈ ఒప్పందంలో బిల్లు అందిన 30 రోజులకని ఉంది. మెయిల్ వెళ్లింది జూలై 7న, కాబట్టి గడువు ఆగస్టు 6. నెలను అక్షరాల్లో రాయడానికీ కారణముంది. 06-08-2025 అని రాస్తే, తేదీలు అమెరికా పద్ధతిలో పెట్టిన కంప్యూటర్ దాన్ని జూన్ 8గా తీసుకుంటుంది. అప్పుడు బిల్లు పుట్టకముందే గడువు దాటిపోయినట్టు లెక్క.

చిన్న సంస్థలకు ఇక్కడ చట్టం అండ కొంత ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువును ఒప్పందంలో ఎంత రాసుకున్నా, పనిని అంగీకరించిన నాటినుంచి 45 రోజులు దాటకూడదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. అందుకని ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబరును బిల్లు మీదా మెయిల్‌లోనూ వేస్తారు. వడ్డీ కోసం నిజంగా పట్టుబట్టేవాళ్లు అరుదు. పెద్ద కస్టమర్‌ని పోగొట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. అయినా ఆ నంబరు ఉన్న బిల్లును ఏడాది చివర పెండింగ్‌లో ఉంచడానికి అకౌంట్స్ వాళ్లు జంకుతారు. 2023-24 నుంచి, ఈ గడువు దాటాక ఆ ఏడాది చివరికీ చెల్లించని మొత్తాన్ని కొన్నవారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేరు.

జీఎస్టీ వల్ల మరో ఆలస్యం వస్తుంది. నెలనెలా రిటర్ను వేసే సంస్థ జూలై బిల్లును ఆగస్టు 11లోగా జీఎస్‌టీఆర్-1లో చూపుతుంది. అది కొన్నవారి జీఎస్‌టీఆర్-2బీలోకి 14న వస్తుంది. అక్కడ కనబడేదాకా పన్ను భాగం కట్టకుండా ఆపే సంస్థలున్నాయి. అలాంటిచోట ఆగస్టు 6న 40,590 పడి, మిగిలిన 7,380 తర్వాత వస్తుంది. ఈ పద్ధతి ఉందో లేదో ముందే కనుక్కుంటే ఆ తేడా చూసి కంగారుపడనక్కర్లేదు.

ఖాతా వివరాల్లో తప్పులు చిన్నవే, నష్టం మాత్రం పెద్దది. ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరాలుంటాయి. ఐదోది ఎప్పుడూ సున్నా, ఇంగ్లిష్ అక్షరం ‘ఓ’ కాదు. ఖాతా నంబరును ఫొటో తీసిన బిల్లు మీద చూసి కొట్టుకోమంటే అంకె తప్పడం ఖాయం. మెయిల్‌లో అక్షరాలుగా ఉంటే కాపీ చేసుకోవచ్చు. అక్కడా ఒక గోతి ఉంది. ఎక్సెల్ 15 అంకెలకు మించి గుర్తుపెట్టుకోదు. 16 అంకెల ఖాతాను మామూలు గడిలో అతికిస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది, ముందున్న సున్నాలేమో మాయమవుతాయి. కాబట్టి ‘మొత్తం 16 అంకెలు’ అని పక్కన రాసి పెట్టడం మంచిది. మెయిల్‌లో, పీడీఎఫ్‌లో, రిజిస్ట్రేషన్ అప్పుడు ఇచ్చిన క్యాన్సిల్డ్ చెక్కు మీద ఒకే పేరు, ఒకే నంబరు ఉండాలి.

ఖాతా మారితే ఆ సంగతి బిల్లు మెయిల్‌లో కలపకూడదు. ‘మా బ్యాంకు మారింది, ఇకపై ఈ ఖాతాకి వేయండి’ అని సరఫరాదారుడి పేరుతో మెయిల్ పంపి డబ్బు దోచుకోవడం మోసగాళ్లకు బాగా అలవాటైన దారి. జాగ్రత్త తెలిసిన అకౌంట్స్ సెక్షన్ అలాంటి మెయిల్ రాగానే బిల్లు ఆపి, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా పాత రికార్డులో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తుంది. ఖాతా మార్పుకు లెటర్‌హెడ్ మీద వేరే ఉత్తరం, కొత్త క్యాన్సిల్డ్ చెక్కు, ఒక ఫోన్ కావాలి. ఆ మార్పు రికార్డులోకి ఎక్కాకే తర్వాతి బిల్లు వెళ్లాలి.

గడువు దాటినా డబ్బు పడకపోతే కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా పాతదానికే రిప్లై ఇవ్వాలి. బిల్లును కొత్త మెయిల్‌లో మళ్లీ జతచేస్తే అది రెండో బిల్లు అనుకొని ఎంటర్ చేయొచ్చు, లేదా డూప్లికేట్ అని రెండిటినీ పక్కన పెట్టొచ్చు. బిల్లులోనే తప్పు దొర్లి, అది అప్పటికే రిటర్నులో చేరి ఉంటే, అదే నంబరుతో సరిచేసిన కాగితం పంపకూడదు. ఎక్కువ వేసిన మొత్తానికి క్రెడిట్ నోట్ ఇవ్వాలి.

డబ్బు పడ్డాక బ్యాంకు మెసేజ్‌లో యూటీఆర్ నంబరు వస్తుంది. నెఫ్ట్ అయితే 16 అక్షరాలు, ఆర్‌టీజీఎస్ అయితే 22. దాన్ని ఇన్వాయిస్ నంబరు పక్కన రాసుకొని, ‘0118 కింద 47,970 అందింది’ అని అదే మెయిల్‌కి ఒక వాక్యం జవాబిస్తే ఆ బిల్లు రెండు వైపులా పుస్తకాల్లో మూసుకుంటుంది.