గుమాస్తా చేతివాటం: స్టేషన్‌కు ఏం పట్టుకెళ్లాలి?

అకౌంటెంటు డబ్బు తినేశాడని షాపు యజమాని ఫిర్యాదుకు వెళ్తే చాలాసార్లు వినిపించే జవాబు ఒకటుంది: "ఇది సివిల్ వ్యవహారమండీ, దావా వేసుకోండి." అది ప్రతిసారీ తప్పించుకోవడానికి అనే మాట కాదు. యజమాని తెచ్చిన కాగితం మీద "లెక్కల్లో ఇంత తేడా వచ్చింది" అని తప్ప ఇంకేమీ ఉండదు. తేడా ఒక్కటే నేరం కాదు. కూడికలో పొరపాటు కావచ్చు, రాయడం మరిచిన ఖర్చు కావచ్చు, యజమానే గల్లాపెట్టెలోంచి తీసుకుని మరిచిపోయి ఉండవచ్చు.

చట్టం అడిగేవి ప్రధానంగా రెండు. ఆ డబ్బు ఉద్యోగరీత్యా అతని చేతికి అప్పగింతగా వచ్చిందా? దాన్ని దురుద్దేశంతో సొంతానికి వాడుకున్నాడా? ఈ రెండూ కనిపిస్తే అది నేరపూరిత నమ్మకద్రోహం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316(4) కింద గుమాస్తా లేదా నౌకరు ఇలా చేస్తే ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. 2024 జులై 1కి ముందు జరిగిన పద్దులకు పాత ఐపీసీ సెక్షన్ 408 వర్తిస్తుంది. ఒకే మనిషి చేసిన పని ఆ తేదీకి అటూ ఇటూ సాగి ఉంటే, ఫిర్యాదులో రెండు కాలాలనూ విడదీసి చూపాలి. దొంగ పద్దులు రాసినా, పుస్తకాల్లో కాగితాలు చింపినా న్యాయ సంహిత సెక్షన్ 344 కూడా తోడవుతుంది.

చాలామంది ఫిర్యాదులో మోసం సెక్షన్ కూడా గుప్పిస్తారు. మోసమంటే మొదటి నుంచీ ముంచే ఉద్దేశంతో మాయమాటలు చెప్పి డబ్బు రాబట్టడం. మీ అకౌంటెంటు చేతికి డబ్బు సక్రమంగానే వచ్చింది, పక్కదారి పట్టింది ఆ తర్వాత. ఈ రెండు నేరాలూ వేర్వేరనీ, ఒకే వాస్తవాల మీద రెండూ నిలవవనీ సుప్రీంకోర్టు 2024లో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో గట్టిగానే చెప్పింది. సెక్షన్ల గొడవ పోలీసులకు వదిలేసి, జరిగింది వరసగా రాయడం మేలు.

తెనాలిలో ఒక పైపుల హోల్‌సేల్ కొట్టు ఉందనుకుందాం. చుట్టుపక్కల ఊళ్ల రిటైల్ షాపులకు సరుకు అరువిస్తారు. అకౌంటెంటు ఊళ్లు తిరిగి బాకీలు వసూలు చేస్తాడు, నగదు బ్యాంకులో కడతాడు, టాలీలో పద్దులు వేస్తాడు. మూడు పనులూ ఒక్కడివే. 2025 ఆగస్టు 5న మొదటి షాపు 35,000 ఇచ్చింది. కార్బన్ రసీదు ఇచ్చాడు గానీ పద్దు వేయలేదు, డబ్బు జేబులో వేసుకున్నాడు. ఆగస్టు 14న రెండో షాపు 40,000 ఇస్తే, అందులో 35,000 మొదటి షాపు ఖాతాకు జమచేసి, 5,000 మాత్రమే రెండో షాపుకు చూపాడు. తర్వాత మూడో షాపు డబ్బుతో రెండోది పూడ్చాడు. ఎవరి ఖాతాలోనూ బాకీ మరీ పాతబడదు కాబట్టి యజమానికి అనుమానం రాదు. మూడో షాపాయన "నేను కట్టేశానండీ" అని రసీదు చూపించిన రోజున గుట్టు బయటపడుతుంది.

ఇక్కడే యజమానులు బోల్తా పడతారు. మూడు షాపుల రసీదులూ పద్దులతో సరిపోలడం లేదు కాబట్టి మూడు 35,000లు కలిపి 1,05,000 పోయిందని రాసేస్తారు. నిజానికి పోయింది 35,000 మాత్రమే. మిగతాదంతా ఒకరి గుంత మరొకరి డబ్బుతో పూడ్చడం. ఎక్కువ రాస్తే ఎదుటి వకీలు ఆ ఒక్క అంకెనే పట్టుకుని మొత్తం లెక్కనే కొట్టిపారేస్తాడు.

ఇదే కొట్టులో సెప్టెంబరు 20న చిట్టాలో "బ్యాంకులో జమ 48,000" అని ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్లో 28,000 మాత్రమే పడింది. ఈ 20,000 రుజువు చేయడం పైదాని కంటే తేలిక, ఎందుకంటే రెండు కాగితాలు పక్కపక్కన పెడితే చాలు. అయినా అకౌంటెంటు ఒక మాట అనవచ్చు: "ఆ 20,000 సేటుగారే ఇంటికి తీసుకెళ్లారు." యజమాని రోజూ గల్లాలోంచి రాయకుండా తీసుకునే అలవాటున్న షాపుల్లో ఈ మాటకు బలమొస్తుంది. కేసు ఎక్కువగా బలహీనపడేది ఇక్కడేనని నా అభిప్రాయం.

కాబట్టి స్టేషన్‌కు వెళ్లే ముందు టాలీ డేటా బ్యాకప్ తీసి, ఆ కంప్యూటర్‌ను అకౌంటెంటుకు అందకుండా పక్కన పెట్టాలి. పాస్‌వర్డులు, బ్యాంకులో అతని పేర ఉన్న అధికారాలు మార్చాలి. రసీదు పుస్తకాల కార్బన్ ప్రతులు, పే-ఇన్ స్లిప్పుల కౌంటర్ ఫాయిళ్లు, జీతం ఇచ్చిన ఆధారం, వసూళ్లకు పంపినట్టు చూపే మెసేజ్‌లు ఒక చోట చేర్చాలి. ఈ చివరి రెండూ అప్పగింతకు సాక్ష్యం. టాలీ ప్రింట్లు, వాట్సాప్ సందేశాలు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.

అతణ్ని గదిలో కూర్చోబెట్టి, ఫోన్ లాక్కుని, "తిన్నాను" అని రాయించుకోవద్దు. బెదిరించి రాయించుకున్న కాగితం కోర్టులో నిలవదు, పైగా అక్రమ నిర్బంధమని తిరుగు కేసు మీ మీద పడుతుంది. బదులుగా, తేడాలు చూపి ఫలానా తేదీలోగా లెక్క చెప్పమని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఫిర్యాదుకు ఇది తప్పనిసరి కాదు గానీ ఉపయోగం పెద్దది. అప్పగించిన డబ్బుకు లెక్క చెప్పలేకపోవడం, చెప్పింది అబద్ధమని తేలడం దురుద్దేశానికి ఆధారాలు కాగలవని, డబ్బు ఎలా ఖర్చుపెట్టాడో ప్రాసిక్యూషన్ చూపనక్కర్లేదని సుప్రీంకోర్టు 1960లోనే జైకృష్ణదాస్ దేశాయ్ కేసులో చెప్పింది.

ఫిర్యాదు రెండు మూడు పేజీలు దాటనక్కర్లేదు. "ఫలానా నెల నుంచి నా దగ్గర నెలజీతంపై అకౌంటెంటుగా ఉన్నారు. వసూలైన నగదు షాపు ఖాతాలో కట్టడం వారి బాధ్యత. 20-9-2025న చిట్టాలో 48,000 కట్టినట్టు రాసి, 28,000 మాత్రమే కట్టారు" అన్నంత సూటిగా ఉండాలి. వెనక ఒక పట్టిక: తేదీ, మొత్తం, ఎవరిచ్చారు, పుస్తకంలో ఏముంది, ఆధారం ఏది. చిన్నచిన్న మొత్తాలు వందల్లో ఉంటే అభియోగంలో ప్రతిదీ విడిగా రాయకుండా కలిపి చూపవచ్చు గానీ, ఒక అభియోగం కిందికి వచ్చే కాలం ఏడాది దాటకూడదు. అందుకే పట్టికను ఏడాది వారీగా విడగొడితే దర్యాప్తు అధికారికి సులువు.

షాపు ఉన్న ప్రాంతపు స్టేషన్‌లో ఇచ్చి, ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా తీసుకోండి. తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173(4) ప్రకారం అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపాలి. నగరాల్లో అయితే పోలీసు కమిషనరేట్‌కు. అక్కడా కదలకపోతే ప్రమాణపత్రంతో మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఎస్పీకి పంపిన రసీదు లేకుండా నేరుగా కోర్టుకెళ్తే వెనక్కి పంపే అవకాశం ఎక్కువ.

కేసు పెట్టిన మర్నాడే అరెస్టు చేస్తారనుకోవద్దు. ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో పోలీసులు సాధారణంగా ముందు హాజరు కావాలని నోటీసే ఇస్తారు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలని చట్టం ఉంది, అడగండి. ఇక డబ్బు విషయం: క్రిమినల్ కేసు దానంతటదే మీ సొమ్ము తెచ్చిపెట్టదు. వసూలుకు సివిల్ దావా వేరే వేయాలి, దానికి మూడేళ్ల గడువు, మోసం దాచిపెట్టి ఉంటే బయటపడిన రోజు నుంచి లెక్క. అతను మధ్యలో డబ్బు కట్టేస్తానంటే కోర్టు అనుమతితో నమ్మకద్రోహం కేసులో రాజీకి వీలుంది. దొంగ పద్దుల సెక్షన్ కూడా పెట్టి ఉంటే దానికి ఆ వెసులుబాటు లేదు.