‘మధుర క్షణాలు’ తీసేస్తే మిగిలేదేమిటి?

పెళ్లి ఫొటోగ్రాఫర్ల వెబ్‌సైట్లు నాలుగు వరసగా తెరిచి ‘మా గురించి’ పేజీ చదవండి. ‘ఫొటోగ్రఫీ మా ప్రాణం. మీ మధుర క్షణాలను చెరగని జ్ఞాపకాలుగా మలుస్తాం. నాణ్యతలో మాకు మేమే సాటి.’ పేరు మార్చి ఏ స్టూడియోకి పెట్టినా అతికిపోతుంది. కూతురి పెళ్లికి ఫొటోగ్రాఫర్ని వెతుకుతున్న తండ్రికి అందులో తెలిసేదేమీ లేదు.

ఆయన ప్రశ్నలు వేరు. ముహూర్తం రాత్రి రెండింటికి, అప్పటిదాకా ఉంటారా? జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కెమెరాలవాళ్లు అడ్డం నిలబడితే బంధువులకు కనబడేదెలా? ఆల్బమ్ ఎప్పుడు చేతికొస్తుంది?

తెనాలిలో పెళ్లిళ్లు తీసే ఒకాయన ఉన్నాడనుకుందాం. రాయడానికి ముందు తనకు బాగా నచ్చిన ఇరవై ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని, వాటిలో పదేపదే కనిపించేదేమిటో చూడాలి. పోజులకన్నా, అడ్డుతెర దించబోయే ముందు పెళ్లికూతురి ముఖం, వెనక కళ్లు తుడుచుకుంటున్న మేనమామ ఎక్కువగా ఉన్నారనుకోండి. ఆయన పనితనం అక్కడుంది. తర్వాత పాత కస్టమర్ల వాట్సాప్ మెసేజీలు తిరగెయ్యాలి. ‘సూపర్ అన్నా’లు వదిలేసి, ‘మా నానమ్మ ఫొటో ఎప్పుడు తీశారో తెలియనే లేదు’ లాంటివి ఏరుకోవాలి. వాళ్లని అడిగి, ఆ మాటలనే సైట్‌లో పెట్టుకుంటే సొంత డప్పు అక్కర్లేదు.

ఇప్పుడు రాత ఇలా వస్తుంది: ‘మాది తెనాలి. గుంటూరు, బాపట్ల జిల్లాల్లో పెళ్లిళ్లు తీస్తాను. అడ్డుతెర దించే వేళకి మండపం కింద ఓ పక్కన 85 ఎం.ఎం. లెన్స్‌తో ఉంటాను. దూరం నుంచే ముఖాలు అందుతాయి, చూసేవాళ్లకి అడ్డం రాను. పోజులు పెట్టించడం తక్కువ. గ్రూప్ ఫొటోలకి మాత్రం భోజనాలకి ముందు అరగంట అడుగుతాను. డ్రోన్ లేదు. ఆల్బమ్ ఆరు వారాల్లో ఇస్తాను.’

లెన్స్ నంబరు ఒక్కటే రాస్తే తండ్రికి అర్థం కాదు. ఆ వెంటనే వచ్చిన ‘అడ్డం రాను’ అన్న మాటే ఆయనకి కావాలి. ‘డ్రోన్ లేదు’ చదివి కొందరు వెళ్లిపోతారు, నిజమే. కానీ పెళ్లయ్యాక ఆ విషయం మీద గొడవపడటం కన్నా అదే నయం. ఆరు వారాలు మాత్రం నిజంగా ఇవ్వగలిగితేనే రాయాలి. ఎనిమిది పడుతుంటే ఎనిమిదని రాయాలి.

సొంతంగా అనిపించాలని తాగే కాఫీ గురించీ పెంచే కుక్కపిల్ల గురించీ రాసేవాళ్లున్నారు. అవి ఆ మనిషి సంగతులే, పని సంగతులు కావు. ఆ చోటు ఫొటో కింది రెండు ముక్కలకి ఇవ్వొచ్చు. ‘అపురూప క్షణం’ అనే బదులు ‘తలంబ్రాల మధ్యలో కరెంటు పోయింది. ఈ వెలుతురు చుట్టాల సెల్‌ఫోన్లది’ అని రాస్తే, చీకట్లోనూ ఈయన చేతులు ఆగలేదని చదివినవాళ్లకే తెలుస్తుంది.

చివరగా రాతనీ గ్యాలరీనీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ‘పోజులు తక్కువ’ అని రాసి, కింద ముప్పై ఫొటోల్లో పాతిక పోజులే ఉంటే మార్చాల్సింది గ్యాలరీని.