స్మార్ట్ టీవీలో కంట్రీ మార్చినా యాప్ పని చేయట్లేదా? అడ్డం ఎక్కడ పడిందో ఇలా తెలుసుకోండి

అమెరికాలో కొన్న 65 అంగుళాల ఎల్‌జీ టీవీ ఒకటి సామాన్లతో పాటు హైదరాబాద్ వచ్చిందనుకుందాం. గోడకి బిగించారు, వైఫై కలిపారు, నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ బాగానే వస్తున్నాయి. జియోహాట్‌స్టార్ కోసం స్టోర్‌లో వెతికితే మాత్రం ఆ పేరుతో ఏమీ లేదు. సోనీలివ్ కూడా లేదు. అక్కడ ఎందుకూ పనికిరాని హులూ, పీకాక్ మాత్రం హోమ్ స్క్రీన్‌లో దర్జాగా కూర్చున్నాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినా, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి మళ్లీ అమెరికానే సెలెక్ట్ చేసినా ఫలితం అదే.

టీవీ పాడవలేదు. అది ఇంకా అమెరికాలోనే ఉన్నాననుకుంటోంది, అంతే.

ఎల్‌జీ వెబ్‌ఓఎస్ టీవీల్లో దీనికి విడిగా ఒక సెట్టింగ్ ఉంది. కొత్త మోడల్స్‌లో దారి ఇలా ఉంటుంది:

```
Settings > All Settings > General > System
> Location > LG Services Country
```

పాత వెర్షన్లలో మధ్యలో System ఉండదు, General లోనే Location కనిపిస్తుంది. అక్కడ Set Automatically ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, లిస్ట్‌లో India ఎంచుకోవాలి. టీవీ రీస్టార్ట్ అవుతుంది. తిరిగి వచ్చాక హోమ్ స్క్రీన్ మారిపోయి ఉంటుంది. అమెరికాకే పరిమితమైన యాప్స్ పోతాయి, ఇండియా యాప్స్ స్టోర్‌లోకి వస్తాయి, ఎల్‌జీ ఛానల్స్‌లో వచ్చే ఫ్రీ ఛానళ్ల లిస్ట్ కూడా మారుతుంది. కొన్ని యాప్స్‌లో మళ్లీ లాగిన్ అవ్వాల్సి రావచ్చు కాబట్టి పాస్‌వర్డ్‌లు ముందే దగ్గర పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్‌లో విదేశీ మోడల్ కొనేవాళ్లు మాత్రం డబ్బులు ఇచ్చే ముందే ఆ లిస్ట్ తెరిపించి India ఉందో లేదో చూసుకోవాలి. టీవీ ఏ మార్కెట్ కోసం తయారైందన్న దాన్ని బట్టి ఈ లిస్ట్ మారొచ్చు.

ఇంతవరకు యూట్యూబ్ వీడియోల్లో కూడా చెప్తారు. అసలు గందరగోళం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఎందుకంటే ఈ సెట్టింగ్ స్టోర్‌లో ఏ యాప్స్ కనపడాలో మాత్రమే తేలుస్తుంది. యాప్ లోపల ఏం ఆడాలన్నది దాని చేతిలో లేదు.

డాలస్‌లో ఉన్న మన కుర్రాడు ఒకడు ఇదే పని తిరగేసి చేశాడనుకోండి. ఐపీఎల్ కోసం తన టీవీలో కంట్రీని ఇండియాకి మార్చాడు. జియోహాట్‌స్టార్ వచ్చింది, ఇన్‌స్టాల్ అయింది. నాన్నగారి నంబర్‌తో లాగిన్ కూడా అయ్యాడు. మ్యాచ్ మీద నొక్కితే మీ ప్రాంతంలో ఇది అందుబాటులో లేదని మెసేజ్! టీవీ ఇండియాలో ఉన్నానని చెప్తోంది గానీ, అతని ఇంటర్నెట్ కనెక్షన్ ఐపీ అడ్రస్ టెక్సస్‌ది. వీడియో పంపే సర్వర్ టీవీ సెట్టింగ్‌ని అడగదు, ఐపీ అడ్రస్‌నే చూస్తుంది. ఐపీఎల్ స్ట్రీమింగ్ హక్కులు ఇండియాలో జియోహాట్‌స్టార్‌వి, అమెరికాలో విల్లోవి. ఒక దేశానికి కొన్న హక్కుతో ఇంకో దేశంలో చూపించడం కుదరదు కాబట్టే ఈ కాపలా.

నెట్‌ఫ్లిక్స్ దీన్ని ఇంకోలా చేస్తుంది. యాప్ రెండు దేశాల్లోనూ ఉంటుంది, అకౌంట్ కూడా అదే పని చేస్తుంది, కానీ మీరు ఎక్కడ కూర్చుని చూస్తున్నారో అక్కడి కేటలాగ్ వస్తుంది. అందుకే హైదరాబాద్ వచ్చిన ఆ టీవీలో LG Services Country అమెరికాగా ఉన్నా సరే, నెట్‌ఫ్లిక్స్‌లో మొదటి రోజు నుంచే ఇండియా సినిమాలు కనిపించాయి.

ఈ రెండింటి మధ్యలో ఇంకొకటి ఉంది, అకౌంట్. గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ వాడేవాళ్లని ఎక్కువగా ఏడిపించేది ఇదే. వీటిలో ప్లే స్టోర్ ఏం చూపించాలన్నది మీ గూగుల్ అకౌంట్‌కి ఉన్న ప్లే కంట్రీని బట్టి ఉంటుంది. టీవీని రీసెట్ చేసి అదే అకౌంట్‌తో మళ్లీ లాగిన్ అయితే మళ్లీ అదే స్టోర్. ప్లే కంట్రీ మార్చాలంటే మీరు నిజంగా ఆ దేశంలో ఉండాలి, అక్కడి పేమెంట్ పద్ధతి ఒకటి జత చేయాలి. ఒకసారి మార్చాక ఏడాది పాటు మళ్లీ మార్చలేరు. పాత దేశంలో ఉన్న గూగుల్ ప్లే బ్యాలెన్స్ కొత్త దేశంలో వాడుకోలేరు. రెండు నెలల సెలవులకి వచ్చి తొందరపడి మార్చేస్తే తిరిగి వెళ్లాక మిగతా పది నెలలు ఇబ్బందే. దానికంటే ఇక్కడ కొత్తగా ఒక గూగుల్ అకౌంట్ తెరిచి టీవీలో రెండోదిగా జత చేసుకోవడం తెలివైన పని. ఫైర్ టీవీలో కూడా అంతే, అమెజాన్ అకౌంట్‌లో ఉన్న దేశమే యాప్‌స్టోర్‌ని నిర్ణయిస్తుంది.

కాబట్టి ఏదైనా యాప్ మొరాయిస్తే అది ఏ దశలో ఆగిందో చూడండి. స్టోర్‌లో వెతికినా పేరే రాకపోతే ముందు టీవీలోని కంట్రీని, గూగుల్ టీవీ అయితే అకౌంట్ కంట్రీని అనుమానించాలి. ఫోన్‌లోనో, వెబ్‌లోనో స్టోర్ పేజీ తెరుచుకుని, మీ దేశంలో లేదంటూ ఇన్‌స్టాల్ దగ్గర ఆగితే అది దాదాపుగా అకౌంట్ గొడవే. యాప్ తెరుచుకుని, పోస్టర్లన్నీ కనిపించి, ప్లే నొక్కాక మాత్రమే ఎర్రర్ వస్తే అది ఐపీ అడ్రస్ పని. ఆ చివరి రకానికి టీవీని ఎన్నిసార్లు రీసెట్ చేసినా లాభం లేదు.

వీపీఎన్ పెడితే సరిపోదా అని అడుగుతారని తెలుసు. అది మార్చేది ఐపీ అడ్రస్‌ని మాత్రమే, స్టోర్‌నీ అకౌంట్‌నీ కాదు. పైగా చాలా సర్వీసులు వీపీఎన్ సర్వర్లని గుర్తుపట్టి ఆపేస్తాయి, వాటి నిబంధనలు కూడా ఒప్పుకోవు. నెట్‌ఫ్లిక్స్ అయితే వీపీఎన్ కనిపెడితే ప్రపంచమంతటా తన హక్కులున్న టైటిల్సే చూపిస్తుంది. యాడ్స్ ఉన్న ప్లాన్‌లో అయితే వీపీఎన్‌తో చూడనివ్వదు. నెలనెలా వీపీఎన్‌కి కట్టి సగం కేటలాగ్ చూడటం నాకైతే దండగ బేరంలా ఉంది.

టీవీలోని కంట్రీ లిస్ట్‌లో ఇండియా లేకపోతే కుస్తీ పట్టొద్దు. ఇక్కడ కొన్న ఫైర్ టీవీ స్టిక్‌ని హెచ్‌డీఎంఐలో గుచ్చి, ఇండియా అమెజాన్ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. ఇక టీవీ వట్టి స్క్రీన్ మాత్రమే, దాని దేశంతో పని లేదు. అమెరికా ట్యూనర్ ఇక్కడి ప్రసారాలు పట్టదన్న బెంగ కూడా అక్కర్లేదు, డీటీహెచ్ బాక్స్ ఎలాగూ హెచ్‌డీఎంఐ నుంచే వస్తుంది.

ఈ సెట్టింగులన్నిటికంటే ముందు, విదేశం నుంచి వచ్చిన టీవీని ప్లగ్‌లో పెట్టకముందే వెనక స్టిక్కర్ చదవండి. 100-240V అని ఉంటే నేరుగా పెట్టుకోవచ్చు. 120V అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకి పవర్ బోర్డు కాలిపోతుంది. అలాంటి టీవీకి దాని వాటేజీకి సరిపడే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని తెచ్చాకే స్విచ్ వేయాలి.