నీళ్లు కారుతున్నా పొడిబారే కళ్లు

"సాయంత్రం నాలుగయ్యేసరికి కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయండీ. మీరేమో కళ్లు పొడిబారాయంటున్నారు!" కంప్యూటర్ ముందు పనిచేసే వాళ్లలో చాలామంది మా దగ్గర ఈ మాటే అంటారు. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే ముప్పై ఏళ్ల అమ్మాయి కూడా అలాగే అడిగింది.

నల్లగుడ్డు మీద ఎప్పుడూ సన్నటి కన్నీటి పొర ఉంటుంది. అది ఆవిరైపోకుండా దానిపైన పలుచగా నూనె పరుచుకుని ఉంటుంది. రెప్ప వేసిన ప్రతిసారీ రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి ఆ నూనె కొద్దిగా బయటికొచ్చి పొర మళ్లీ సర్దుకుంటుంది. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లకు పైగానే రెప్ప వేస్తాం. తెరను తదేకంగా చూసేటప్పుడు అది సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. పైగా వేసే రెప్పలు కూడా సగం సగమే, పై రెప్ప కింది రెప్పను తాకదు. పొర అక్కడక్కడా చిరిగి మంట పుడుతుంది. ఆ మంటకు కన్ను ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది కానీ, అందులో నూనె పాలు తక్కువ. అందుకే అవి నిలవకుండా చెంపమీదికి జారిపోతాయి, కన్ను మాత్రం పొడిగానే ఉంటుంది.

దీన్ని కళ్లారా చూడొచ్చు. కంట్లో పసుపురంగు మందు వేసి, నీలిరంగు వెలుగులో చూస్తూ, రెప్ప వేయకుండా ఉండమంటాం. నిగనిగలాడే పొరలో నల్లటి మచ్చలు తేలేదాకా సెకన్లు లెక్కపెడతాం. పది సెకన్ల లోపే తేలితే పొర బలహీనంగా ఉందని అనుమానించాలి. ఆ అమ్మాయికి ఐదు దాటకుండానే తేలాయి.

కూర్చునే చోటు ఎలా ఉంటుందని అడిగితే సంగతి తెలిసింది. మానిటర్‌ను స్టాండ్ మీద ఎత్తుగా పెట్టుకుంది. ఏసీ గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. చూపు పైకి ఎత్తితే రెప్పలు ఎక్కువగా తెరుచుకుంటాయి, ఆరిపోయే జాగా పెరుగుతుంది. అందుకే మానిటర్ పై అంచు కంటి ఎత్తుకో, కాస్త కిందికో దించమన్నాం. తెర చేయి చాపినంత దూరంలో ఉండాలి. గాలి ముఖానికి తగలకుండా కుర్చీ తిప్పుకోమన్నాం. ఫోన్ కాల్ ముగిసిన ప్రతిసారీ రెప్పలు మెల్లగా మూసి, రెండు సెకన్లు ఆగి తెరవమన్నాం. కొన్ని వారాలకు సాయంత్రం నీళ్లు కారడం బాగా తగ్గింది.

ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరాన్ని ఇరవై సెకన్లు చూడాలన్న సూత్రం చాలామంది వినే ఉంటారు. అంకెల పట్టింపు అక్కర్లేదు, చూపు నిజంగా దూరం వెళ్లడమే ముఖ్యం. మానిటర్ నుంచి తీసిన చూపును ఫోన్లో పెడితే అది విరామం కాదు. నీలికాంతిని ఆపే కళ్లద్దాల మీద డబ్బు పెట్టొద్దని నా సలహా. 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో, మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల మందులతో మరీ జాగ్రత్త. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు త్వరగా తగ్గుతుంది, కానీ ఎక్కువ రోజులు వాడితే కొందరికి కంటిలోపలి ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు రావచ్చు.

బడిపిల్లల విషయానికొస్తే, వాళ్లలో నేను ముందు చూసేది దూరం. మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ చూసే పిల్లవాడి ముఖానికీ తెరకూ మధ్య జానెడు ఎడం కూడా ఉండదు. నలభై సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదివేటప్పటికన్నా ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఫోన్ చూడటానికి కంటి లోపలి కండరం రెట్టింపు పనిచేయాలి. పిల్లల కండరానికి ఆ శక్తి ఉంటుంది కాబట్టే వాళ్లు నొప్పి అనరు. కళ్లు నలుపుకుంటారు, తలనొప్పి అంటారు, బోర్డు కేసి కళ్లు చికిలించి చూస్తారు. పెద్దవాళ్లు గమనించాల్సింది వీటినే. మోచేయి బల్లకు ఆనించి పిడికిలి చెంపకు పెట్టుకుంటే వచ్చే దూరం, అదే చేతికీ కంటికీ ఉండాల్సిన కనీస దూరమని పిల్లలకు చూపిస్తే వెంటనే పట్టేస్తారు. పాఠం వీడియోలో ఉంటే ఫోన్ కన్నా టీవీలో పెట్టడం మేలు.

ఇక రోజూ రెండు గంటలు పగటి వెలుగులో బయట ఉండాలి. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకు 120 నిమిషాలు ఆరుబయటకు పంపే కార్యక్రమం మొదలుపెట్టారు. ఏళ్లతరబడి పెరుగుతూ వచ్చిన దూరపుచూపు లోపం ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. అయితే బయట ఆడటం వల్ల సైట్ రావడం ఆలస్యమవుతుందే గానీ, వచ్చిన పవర్ పోదు.

కంటి పరీక్షకు వచ్చే ముందు ఒక పని చేయండి. మీరు కూర్చునే చోట కంటి నుంచి తెర దాకా టేపు పెట్టి కొలిచి, ఆ అంకె రాసుకుని రండి. నలభై దాటినవాళ్లకు ఇది మరీ అవసరం. చదువుకునే అద్దాలు సాధారణంగా నలభై సెంటీమీటర్లకు సరిపోయేలా ఇస్తాం, మీ మానిటర్ అరవై సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ పవర్‌తో అక్షరాలు స్పష్టంగా కనపడవు.